మూడు ఒక గుంపు, ఒకటి వేరు: పౌరశాస్త్రంలో ‘భిన్నమైనది ఏది?’ ప్రశ్నలు తయారుచేయడం

(సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న చదువుతాను. “కింది వాటిలో భిన్నమైనది ఏది? సమానత్వపు హక్కు, స్వాతంత్ర్యపు హక్కు, పీడనాన్ని నిరోధించే హక్కు, ఆస్తి హక్కు.” గైడ్లలో, స్లిప్ టెస్టుల్లో మీ అందరికీ ఎదురైందే. జవాబు ఆస్తి హక్కు. 1978 నాటి 44వ సవరణ దాన్ని ప్రాథమిక హక్కుల భాగంలోంచి తీసేసింది, ఇప్పుడది 300ఎ ఆర్టికల్‌లో ఉంది. జవాబులో తప్పులేదు. కానీ ఈ జవాబు రాసిన పిల్లవాడికి ఏం తెలిసినట్టు? ఆరు హక్కుల పేర్లు వరసగా వచ్చినట్టు, ఏడోది అందులో లేదని గమనించినట్టు. ప్రాథమిక హక్కు అంటే ఏమిటో, భంగం కలిగితే 32వ ఆర్టికల్ కింద నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టే వీలు దేనికుందో, దేనికి లేదో వాడికి తెలియకపోయినా మార్కు పడుతుంది.

ఇలాంటి ప్రశ్న చూడ్డానికి వర్గీకరణలా ఉంటుంది, లోపల మాత్రం ఎక్కాల అప్పగింతే. పిల్లవాడు నాలుగు అంశాలనూ పక్కపక్కన పెట్టి పోల్చనే లేదు. ఒక్కొక్కదాన్నీ తన తలలో ఉన్న జాబితాతో సరిచూసుకున్నాడు. పిల్లలు జాబితాను వదిలి, అంశాలను ఒకదానితో ఒకటి పోల్చక తప్పని ప్రశ్నను ఎలా కట్టాలన్నదే ఇవాళ్టి పని. ఉదాహరణకు మన ఊళ్లో అందరికీ తెలిసిన స్థానిక సంస్థలనే తీసుకుందాం.

తెలుగు రాష్ట్రాల పంచాయతీరాజ్ పాఠం మీద ఒక ఉపాధ్యాయుడు ఇలా రాశారనుకోండి: “సర్పంచ్, ఎంపీటీసీ సభ్యుడు, జడ్పీటీసీ సభ్యుడు, మండల పరిషత్ అధ్యక్షుడు. వీరిలో భిన్నమైనవారు ఎవరు?” ఆయన మనసులో ఉన్న జవాబు మండల పరిషత్ అధ్యక్షుడు. మిగతా ముగ్గురినీ ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు, ఈయన్ని మాత్రం గెలిచిన ఎంపీటీసీ సభ్యులు తమలోంచి ఎన్నుకుంటారు. ఆలోచన బాగుంది. ప్రత్యక్ష ఎన్నిక, పరోక్ష ఎన్నిక అనే భావన మీద ప్రశ్న నిలబడింది. జాబితా ఏదీ కంఠస్థం చేయనక్కర్లేదు.

ఇప్పుడు తరగతిలో చురుకైన అమ్మాయి ఒకరు లేచి “సర్పంచ్ భిన్నం సార్” అంటుంది. ఎందుకమ్మా అంటే, “సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు, మిగతా ముగ్గురి ఎన్నికలూ పార్టీల మీద జరుగుతాయి” అంటుంది. ఆ మాట నిజమే. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీరహితంగా, ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరుగుతాయి. ఆ అమ్మాయి చేసింది కూడా చక్కటి వర్గీకరణే. దానికి సున్నా వేస్తే, వర్గీకరించినందుకే శిక్షించినట్టు.

ఇదెలా తప్పిందో కనిపెట్టడానికి ఒక చిన్న పట్టిక చాలు. కాగితం మీద అడ్డంగా నాలుగు అంశాల పేర్లు రాయండి. నిలువుగా, ఆ నాలుగింటినీ విడదీయగల ప్రమాణాలన్నీ రాయండి. మీకు కావాల్సిన ప్రమాణం ఒక్కటే కాదు, పిల్లలకు తట్టగలవన్నీ రాయాలి. ఈ ప్రశ్నకు నాలుగు వరసలు వస్తాయి. ఎన్నిక నేరుగా జరుగుతుందా, పరోక్షంగానా. పార్టీ గుర్తుందా, లేదా. సంస్థకు అధిపతా, సభ్యుడా. గ్రామం, మండలం, జిల్లాల్లో ఏ స్థాయి. ఇక ప్రతి వరసలో ఎంతమంది ఎటు పడ్డారో లెక్కపెట్టండి.

ఎన్నిక విధానం వరసలో 3-1, ఒంటరిగా మిగిలింది మండల పరిషత్ అధ్యక్షుడు. ఇది మనం కోరుకున్నదే. అధిపతా సభ్యుడా అన్న వరసలో 2-2: సర్పంచ్, మండల పరిషత్ అధ్యక్షుడు ఒకవైపు, ఇద్దరు సభ్యులు రెండోవైపు. స్థాయి వరసలో మండలానికి ఇద్దరు, గ్రామానికి ఒకరు, జిల్లాకు ఒకరు, అంటే ఒంటరివారు ఇద్దరు, ఒకే జవాబు తేలదు. పార్టీ గుర్తు వరసలో మళ్లీ 3-1, కానీ ఇక్కడ ఒంటరి సర్పంచ్. రెండు వరసలు 3-1గా చీలి, ఒక్కో వరస ఒక్కొక్కరిని చూపిస్తే ఆ ప్రశ్నకు రెండు జవాబులున్నట్టే.

కాబట్టి సూత్రం ఇది. మనం పరీక్షించదలచిన ప్రమాణం మీద చీలిక 3-1 ఉండాలి. పిల్లలకు తట్టే మిగతా ప్రమాణాలన్నిటి మీదా 2-2 గానీ, 4-0 గానీ ఉండాలి. 2-2 అయితే పిల్లవాడు ఆ దారిలో కొంతదూరం వెళ్లి, ఒంటరి అంశం దొరక్క వెనక్కి వచ్చి వేరే ప్రమాణం వెతుకుతాడు. అలా వెనక్కి రావడమే మనం పరీక్షిస్తున్న నైపుణ్యం. అందుకే నాకు 4-0 కంటే 2-2 ఎక్కువ ఇష్టం. నాలుగూ ఒకేలా ఉన్న ప్రమాణం పిల్లవాడిని ఎటూ లాగదు, వాడికి ఆలోచించే పనీ పెట్టదు.

పై ప్రశ్నను ఇలా బాగుచేయవచ్చు. ఎంపీటీసీ సభ్యుణ్ని తీసేసి వార్డు సభ్యుణ్ని పెట్టండి. ఇప్పుడు నలుగురు: వార్డు సభ్యుడు, సర్పంచ్, జడ్పీటీసీ సభ్యుడు, మండల పరిషత్ అధ్యక్షుడు. పార్టీ గుర్తు లేని పదవులు రెండు, ఉన్నవి రెండు. అధిపతులు ఇద్దరు, సభ్యులు ఇద్దరు. గ్రామ స్థాయిలో ఇద్దరు, బయట ఇద్దరు. ఎన్నిక విధానంలో మాత్రమే 3-1. ఒక్క పేరు మార్చగానే రెండో జవాబు పోయింది.

ఈ పని ఇక్కడితో ఆపకండి. ఈ ప్రశ్న రెండుసార్లు వాడితే చాలు, ‘మండల పరిషత్ అధ్యక్షుడు భిన్నం’ అన్నది పిల్లలకు కొత్త బిట్టుగా మారిపోతుంది. పాత జాబితా పోయి కొత్త జాబితా వస్తుంది. దీనికి మందు జంట ప్రశ్న. అదే ప్రమాణం మీద, తిరగేసిన మెజారిటీతో రెండో ప్రశ్న రాయాలి: సర్పంచ్, ఉపసర్పంచ్, మండల పరిషత్ అధ్యక్షుడు, జడ్పీ వైస్ చైర్మన్. ఇక్కడ పరోక్షంగా ఎన్నికయ్యేవారు ముగ్గురు, ఓటర్లు నేరుగా ఎన్నుకునేది సర్పంచ్‌నే. మొదటి ప్రశ్నలో ఒంటరిగా నిలబడ్డ మండల పరిషత్ అధ్యక్షుడు ఇక్కడ గుంపులో కలిసిపోయాడు. పట్టిక మళ్లీ వేసి చూడండి. అధిపతులు ఇద్దరు, ఉపపదవులు రెండు. గ్రామంలో ఇద్దరు, పైన ఇద్దరు. పార్టీరహితం రెండు, పార్టీ మీద రెండు. అన్నీ సరిపోయాయి.

జడ్పీ వైస్ చైర్మన్ బదులు జడ్పీ చైర్మన్‌ను పెడితే ఏమవుతుందో చూడండి. పరోక్ష ఎన్నిక ముగ్గురికీ అలాగే ఉంటుంది కానీ, ఉపపదవి ఉపసర్పంచ్‌దొక్కటే అవుతుంది. వెంటనే ‘ఉపసర్పంచ్ భిన్నం’ అన్న రెండో జవాబు పుడుతుంది. అందుకే ఒక్క పేరు మార్చినా పట్టిక మొదటినుంచి వేసుకోవాలి. మనం ఏ వరసను సరిచేయడానికి పేరు మార్చామో ఆ వరసే చూసుకుని వదిలేస్తాం, పాడైపోయేది పక్క వరస.

జంటలో రెండు ప్రశ్నలూ సరిగా చేసినవాడికి ప్రత్యక్ష, పరోక్ష ఎన్నికల భావన వచ్చిందనుకోవచ్చు. మొదటిది చేసి రెండోదానిలోనూ మండల పరిషత్ అధ్యక్షుణ్నే గుర్తించినవాడు పేరును గుర్తుపెట్టుకున్నాడు. ఈ తేడా ఒంటరి ప్రశ్నలో ఎప్పటికీ బయటపడదు. రెండు ప్రశ్నలూ ఒకే పేపర్లో పక్కపక్కన ఇవ్వకండి. నాలుగైదు ప్రశ్నల దూరంలోనో, వేరే వారం పరీక్షలోనో ఇవ్వండి.

ఇక రెండో రకం చిక్కు. ఎంత ప్రయత్నించినా పోటీ ప్రమాణం వదలని సందర్భాలు ఉంటాయి. ఇది పోటీ పరీక్షల పుస్తకాల్లో బాగా తిరిగే ప్రశ్న: ఎన్నికల కమిషన్, కాగ్, యూపీఎస్సీ, జాతీయ మానవ హక్కుల కమిషన్. కీ ప్రకారం మానవ హక్కుల కమిషన్ భిన్నం, ఎందుకంటే అది 1993 చట్టంతో వచ్చింది, మిగతా మూడూ రాజ్యాంగంలోనే ఉన్నాయి. కానీ కాగ్ ఒకే వ్యక్తి నిర్వహించే పదవి, మిగతా మూడూ పలువురు సభ్యుల సంస్థలు. అంటే కాగ్ కూడా సరైన జవాబే. కాగ్ స్థానంలో ఆర్థిక సంఘాన్ని పెడదామంటే, అది అయిదేళ్లకోసారి వేసేది, మిగతావి శాశ్వతంగా ఉండేవి. మళ్లీ రెండో జవాబు. జాతీయ ఎస్సీ కమిషన్‌ను పెడితే కొంత కుదురుతుంది: హక్కుల భంగం మీద ఫిర్యాదులు విచారించేవి రెండు, అలా కానివి రెండు. పేరు ముందు ‘జాతీయ’ ఉన్నవి రెండు, లేనివి రెండు.

అయినా ఒక రంధ్రం మిగులుతుంది. ఎన్నికల కమిషన్ తన పరిధిలో తానే నిర్ణయాలు తీసుకుని అమలు చేయిస్తుంది. మిగతా మూడింటి మాట ప్రభుత్వానికి చాలావరకు సలహా, సిఫార్సు. యూపీఎస్సీ పరీక్షలు స్వయంగా నిర్వహిస్తుంది కదా అని మీరు వాదించవచ్చు. సరే, కానీ పదో తరగతి పిల్లవాడు ఎన్నికల కమిషన్ భిన్నమని వాదిస్తే కొట్టేయలేం. ఇలాంటప్పుడు ప్రమాణాన్ని ప్రశ్నలోనే చెప్పేయాలి: “ఏర్పాటుకు ఆధారం ఏమిటన్న దృష్టితో చూస్తే భిన్నమైనది ఏది?” ప్రమాణం చెప్పేస్తే ప్రశ్న తేలికైపోతుందని చాలామంది భయం. సగం నిజం. ప్రమాణం వెతుక్కునే పని పోతుంది, నాలుగింటినీ ఆ ప్రమాణం మీద అమర్చే పని మిగిలే ఉంటుంది. రెండు జవాబులున్న ప్రశ్న కంటే ఒక మెట్టు తేలికైన ప్రశ్న నయం.

అయితే ఈ ప్రశ్న మళ్లీ జాబితా వైపు జారే ప్రమాదముంది. ఏ సంస్థ ఏ ఆధారంతో వచ్చిందో బట్టీ పట్టినవాడు ఇట్టే చేస్తాడు. అది ఆపాలంటే పేర్లు తీసేసి లక్షణాలు ఇవ్వండి. ‘ఈ సంస్థను పార్లమెంటు మామూలు చట్టంతో రద్దు చేయగలదు’, ‘ఈ సంస్థ అధ్యక్షుణ్ని తొలగించే పద్ధతి రాజ్యాంగంలోనే రాసి ఉంది’, ‘ఈ సంస్థను లేకుండా చేయాలంటే రాజ్యాంగ సవరణ కావాలి’ వంటి వాక్యాలు. పిల్లవాడు ప్రతి వాక్యం నుంచి ఆ సంస్థ ఏ రకానిదో తేల్చుకుని, తర్వాత గుంపు కట్టాలి. రాసేటప్పుడు వాక్యాల రూపం మీద కన్నేసి ఉంచండి. మూడు వాక్యాలు ‘కావాలి’తో ముగిసి ఒకటి ‘గలదు’తో ముగిస్తే, పౌరశాస్త్రం ఓనమాలు రానివాడు కూడా దాన్ని పట్టేస్తాడు. మూడు నిషేధాలు, ఒక హామీ ఇచ్చినా అంతే. మూడు చిన్న పేర్లు, ఒక పొడవాటి పేరు ఇచ్చినా అంతే. పాఠం రాని ఒకరిద్దరితో ముందుగా చదివించి, ఏది వేరుగా కనిపిస్తోందో అడిగితే ఈ లోపం బయటపడుతుంది.

మొదట చెప్పిన ఆస్తి హక్కు ప్రశ్నకూ ఇదే వైద్యం. జాబితాలో పేరున్న హక్కులను కాక, జాబితాలో కనిపించకపోయినా ప్రాథమిక హక్కులో భాగమైనవాటిని తెచ్చిపెట్టండి. గోప్యత 21వ ఆర్టికల్‌లో భాగమని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని 1985లో ముంబయి పేవ్‌మెంట్ వాసుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు నాలుగు: గోప్యత హక్కు, జీవనోపాధి హక్కు, మత స్వేచ్ఛ హక్కు, ఆస్తి హక్కు. రాజ్యాంగంలో అక్షరాలా ఉన్నవి రెండు, కోర్టు తీర్పులతో వచ్చినవి రెండు. డబ్బుతో, బతుకుతెరువుతో ముడిపడ్డవి రెండు, కానివి రెండు. ప్రాథమిక హక్కు కానిది ఒక్కటే. ఆరు పేర్లు బట్టీ పట్టినవాడు ఇక్కడ మత స్వేచ్ఛను గుర్తిస్తాడు, ఎందుకంటే నాలుగింటిలో తన జాబితాలో ఉన్నది అదొక్కటే. ఆ తప్పు జవాబే వాడు ఎక్కడ ఆగిపోయాడో చెబుతుంది. ‘ప్రాథమిక హక్కుల భాగంలో పేరుతో సహా ఉన్నది మత స్వేచ్ఛ ఒక్కటే’ అని తర్కించే పిల్లలూ ఉంటారు. అందుకని ఈ ప్రశ్నలో కూడా ‘భంగమైతే 32వ ఆర్టికల్ కింద దొరికే రక్షణను బట్టి’ అని ప్రమాణం చెప్పడమే మంచిది. సమాచార హక్కును మాత్రం ఈ రకం ప్రశ్నల్లోకి తేవద్దు. దానికి 2005 చట్టమూ ఉంది, భావప్రకటన స్వేచ్ఛలో భాగమన్న కోర్టు మాటా ఉంది. రెండు గదుల్లోనూ ఇమిడే అంశం వర్గీకరణ ప్రశ్నకు పనికిరాదు.

ఇక మార్కుల సంగతి. ఒక మార్కు జవాబుకు, ఒక మార్కు కారణానికి పెట్టండి. కారణం ఎలా ఉండాలో ముందే చెప్పాలి: మిగతా మూడింటిలో ఉమ్మడిగా ఉన్నదేమిటో రాయాలి. ‘మండల పరిషత్ అధ్యక్షుడు మండలానికి పెద్ద’ అన్నది కారణం కాదు. అది ఆయన గురించిన ఒక వాస్తవం, అంతే. ‘మిగతా ముగ్గురినీ ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు’ అన్నది కారణం. ఒంటరి అంశాన్ని వర్ణించడం తేలిక, గుంపుకు పేరు పెట్టడమే వర్గీకరణ. వేరే జవాబు గుర్తించి, మూడింటికీ నిజంగా వర్తించే కారణం రాసినవాడికి రెండు మార్కులూ ఇవ్వండి, ఆ కారణాన్ని మీ పట్టికలో కొత్త వరసగా చేర్చుకోండి. ఓఎంఆర్ షీట్లయితే కారణాన్ని కూడా నాలుగు ఐచ్ఛికాలుగా ఇవ్వవచ్చు. అప్పుడు గుడ్డిగా రెండూ సరిగ్గా కొట్టే అవకాశం నాలుగింట ఒకటి నుంచి పదహారింట ఒకటికి పడిపోతుంది.

పరీక్ష పెట్టాక ప్రశ్న బాగుందో లేదో పేపర్లే చెబుతాయి. నలభైమంది తరగతి అనుకుందాం. మొత్తం మార్కుల ప్రకారం పేపర్లు వరస పెట్టి, పై 27 శాతం, కింది 27 శాతం తీయండి. అంటే పైన పదకొండు, కింద పదకొండు. సర్పంచ్, ఎంపీటీసీలతో రాసిన మొదటి ప్రశ్నకు పైవాళ్లలో అయిదుగురు కీ జవాబు, ఆరుగురు సర్పంచ్ రాశారనుకోండి. కిందివాళ్లలో ఆరుగురు కీ జవాబు, ఇద్దరే సర్పంచ్. పైవాళ్ల సరైన జవాబుల్లోంచి కిందివాళ్లవి తీసేస్తే అయిదు మైనస్ ఆరు, దాన్ని పదకొండుతో భాగిస్తే మైనస్ 0.09. బాగా చదివేవాళ్లనూ వెనకబడ్డవాళ్లనూ ప్రశ్న ఎంతవరకు విడదీస్తోందో చెప్పే ఈ విచక్షణ సూచిక సున్నా కంటే కిందికి పోయింది. అదీగాక ఒక తప్పు ఐచ్ఛికం పైవాళ్లనే ఎక్కువగా లాగింది. మొదట పిల్లల్ని కాదు, కీని అనుమానించాలి. చదివే పిల్లలు చూసిన రెండో ప్రమాణం మనం చూడలేదని దాని అర్థం. అసలెవరూ ముట్టుకోని ఐచ్ఛికం ఉంటే దానిదీ లోపమే. నాలుగు అంశాల ప్రశ్న అప్పుడు మూడు అంశాల ప్రశ్నగా పనిచేస్తోందన్నమాట. ఒక్క తరగతి లెక్కతో ప్రశ్నను పారేయకండి, పదకొండుమందిలో ఒకరిద్దరు అటూఇటూ అయితే సూచిక బాగా మారిపోతుంది. దాన్ని అనుమానంగా తీసుకుని, కారణాలు చదవండి.

(సభలో ఒక ప్రశ్న: సర్, ఇలా తయారుచేసిన ప్రశ్నలను ఏటా వాడుకోవచ్చా?)

వాడుకోవచ్చు, కానీ ప్రతి ప్రశ్న వెనక రెండు వివరాలు రాసి ఉంచాలి: ఏ రాష్ట్రానికి, ఏ తేదీ నాటికి. గ్రామ పంచాయతీ అధ్యక్షుణ్ని ఎలా ఎన్నుకోవాలన్నది 243సి ఆర్టికల్ రాష్ట్ర చట్టానికే వదిలేసింది. కర్ణాటకలో పంచాయతీ అధ్యక్షుణ్ని సభ్యులే ఎన్నుకుంటారు. మన జంట ప్రశ్నలు బళ్లారిలో చదివే తెలుగు పిల్లలకు ఇస్తే కీ చెల్లదు. అందుకే ‘తెలుగు రాష్ట్రాల్లో’ అన్న మాట ప్రశ్నలోనే ఉండాలి.

తేదీ సంగతికి ఇది చూడండి. ‘జాతీయ ఎస్సీ కమిషన్, జాతీయ ఎస్టీ కమిషన్, ఎన్నికల కమిషన్, జాతీయ బీసీ కమిషన్’ అన్న పాత ప్రశ్నకు కీ బీసీ కమిషన్, చట్టంతో వచ్చింది అదొక్కటే కాబట్టి. 2018లో 102వ సవరణ బీసీ కమిషన్‌కు 338బి ఆర్టికల్ కింద రాజ్యాంగ హోదా ఇచ్చింది. ఏర్పాటు ఆధారం మీద ఇప్పుడు అవి 4-0. ఇవాళ ఆ పేపర్ ఇస్తే పిల్లలు ఎన్నికల కమిషన్‌ను గుర్తిస్తారు, అదే సరైన జవాబు కూడా, ఎందుకంటే సామాజిక వర్గం కోసం ఏర్పడనిది అదొక్కటే. కీ పాతదైతే వాళ్లకు మార్కు పోతుంది. బీసీ కమిషన్‌ను ఇందాకటి సెట్‌లో ఎస్సీ కమిషన్ స్థానంలో పెట్టుకోండి: ఎన్నికల కమిషన్, యూపీఎస్సీ, జాతీయ బీసీ కమిషన్, జాతీయ మానవ హక్కుల కమిషన్. ప్రమాణం ప్రశ్నలోనే చెప్పండి, తేదీ వెనక రాయండి. 2018కి ముందు గైడు చదివిన పిల్లవాడికి అందులో ఇద్దరు ‘భిన్నమైనవాళ్లు’ కనిపిస్తారు. వాడి గైడు ఎప్పటిదో మీకు అక్కడే తెలిసిపోతుంది.